శిఖరాలు ఒకే చోట పడనప్పుడు

అంతులేకుండా సాగే అనుక్రమానికి అవధి ఉండి తీరాలని లేదు. 1, 0, 1, 0 అంటూ ఊగేది ఏ ఒక్క సంఖ్య దగ్గరా స్థిరపడదు. కానీ పరిబద్ధమైన ప్రతి అనుక్రమానికీ లిమ్‌సుప్ ఉంటుంది. మొదటి పదాలను ఒక్కొక్కటిగా వదిలేస్తూ, మిగిలినవాటి కనిష్ఠ ఎగువ హద్దును గమనిస్తూ పోవాలి. ఆ హద్దు ఎన్నడూ పెరగదు. చివరికి అది ఏ విలువను సమీపిస్తుందో అదే లిమ్‌సుప్.

రెండు పరిబద్ధ అనుక్రమాలను పదానికి పదం కూడితే ఎప్పుడూ నిలిచే సంబంధం ఇది:

limsup (aₙ + bₙ) ≤ limsup aₙ + limsup bₙ

ఎడమవైపు ఖచ్చితంగా చిన్నదయ్యే సందర్భం చూద్దాం. n సరిసంఖ్య అయితే aₙ = 1 + 1/n, బేసి అయితే aₙ = 0. bₙ దీనికి తిరగేసినది: బేసి స్థానాల్లో 1 + 1/n, సరి స్థానాల్లో 0. నూరో పదం నుంచి చూస్తే a హద్దు 1.01. b హద్దు 1 + 1/101, అంటే అంతకంటే రవ్వంత తక్కువ. ముందుకు పోయేకొద్దీ రెండు హద్దులూ 1కి దగ్గరవుతాయి. కాబట్టి లిమ్‌సుప్‌లు 1, 1. వాటి మొత్తం 2. అయితే aₙ + bₙ ప్రతి స్థానంలోనూ 1 + 1/n మాత్రమే. దాని లిమ్‌సుప్ 1.

తేడా ఎక్కడ వచ్చింది? లిమ్‌సుప్ ఎత్తును చెబుతుంది గానీ, ఆ ఎత్తు ఏ స్థానంలో వచ్చిందో చెప్పదు. కుడివైపు a శిఖరాన్ని సరి స్థానం నుంచి, b శిఖరాన్ని బేసి స్థానం నుంచి తెచ్చి కలుపుతాం. ఎడమవైపు ఆ వెసులుబాటు లేదు. రెండు పదాలూ ఒకే n వద్ద తీసుకోవాలి.

ఒకటి శిఖరాన ఉంటే రెండోది సున్నా దగ్గర ఉండే జంటల్లోనూ ఫలితం ఇంత సూటిగా రానక్కర్లేదు. sin n, cos n చూడండి (కోణం రేడియన్లలో). విడివిడిగా రెండింటి లిమ్‌సుప్ 1. n = 14 వద్ద సైన్ సుమారు 0.991, కొసైన్ 0.137 మాత్రమే. n = 44 వద్ద కొసైన్ దాదాపు 1, సైన్ 0.018. మొత్తం బాగా పెరిగేది రెండూ మధ్యస్థంగా ఉన్నప్పుడు: n = 7 వద్ద 0.657 + 0.754, అంటే 1.411. ఈ మొత్తాన్ని √2 sin(n + π/4) అని రాయవచ్చు. π కరణీయ సంఖ్య కాబట్టి మొత్తం √2కి ఎంత దగ్గరగానైనా వస్తుంది. అంటే లిమ్‌సుప్ √2, సుమారు 1.414, 2 కాదు.

సమానత్వం రావాలంటే, రెండూ తమ తమ లిమ్‌సుప్‌లకు కలిసి చేరే ఒకే ఉపానుక్రమం ఉండాలి. రెండింటిలో ఒకటి అభిసరిస్తే అది తప్పక దొరుకుతుంది: ఊగేదాని శిఖరాల వెంట వెళ్తే చాలు, రెండోది ఎలాగూ తన అవధికే వస్తుంది. రెండూ ఊగేవైతే మాత్రం లిమ్‌సుప్‌లను విడిగా లెక్కకట్టి కూడవద్దు. ముందు పదాలను కూడి, ఆ తర్వాతే లిమ్‌సుప్ తీయాలి.