సాయంత్రం పాలు తెల్లారేదాకా నిలవాలంటే

వేసవిలో పాల కేంద్రం దగ్గర పేచీలు ఎక్కువ. క్యాన్ మూత తీయగానే పుల్లటి వాసన తగులుతుంది, పరీక్షలో పాలు విరుగుతాయి, ఏజెంటు పాలు వెనక్కి పంపేస్తాడు. తిరిగొచ్చేవాటిలో ఎక్కువ భాగం ముందురోజు సాయంత్రం పితికినవే. రెండు పూటలా పాలు తీసుకునే కేంద్రం దగ్గర్లో ఉన్నవాళ్లకు ఈ బెడద తక్కువ. పొలాల్లో కాపురముండేవాళ్లకు, సాయంత్రం బండి రాని శివారు పల్లెలకు మాత్రం ఆ పన్నెండు గంటలు గట్టెక్కడమే సమస్య.

పొదుగు నుంచి వచ్చేటప్పుడు పాల వేడి 37 డిగ్రీల పైచిలుకు ఉంటుంది. పాలను పులియబెట్టే సూక్ష్మజీవులకు ఇంతకంటే అనువైన వేడి లేదు. అవి పాలలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లాన్ని వదులుతాయి. గోరువెచ్చటి పాలలో వాటి సంఖ్య సుమారు అరగంటకోసారి రెట్టింపవుతుంది. పాలను 15 డిగ్రీలకు దించగలిగితే రెట్టింపు కావడానికి దాదాపు మూడు గంటలు పడుతుంది, 10 డిగ్రీల దగ్గర ఇంకా ఎక్కువ పడుతుంది. వాటి పెరుగుదల దాదాపు ఆగిపోవాలంటే 4 డిగ్రీలకు తేవాలి. బల్క్ కూలర్లు చేసే పని అదే.

అయితే అప్పుడే పితికిన పాలకు కొంత స్వరక్షణ ఉంటుంది. అందులోని సహజ పదార్థాలు సూక్ష్మజీవులను కాసేపు అదుపులో పెడతాయి. మన వేడికి ఆ రక్షణ రెండు మూడు గంటలకు మించి ఉండదు. వెంటనే చల్లబరిస్తే అది ఎక్కువసేపు పనిచేస్తుంది. అందుకే చల్లబరచడం పితికిన వెంటనే మొదలవ్వాలి. వంటపని ముగించుకుని, పడుకునే ముందు పాల సంగతి చూద్దామనుకుంటే ఆ మంచి సమయం చేజారిపోతుంది.

చేతిలో కూలర్ లేని ఇంట్లో ఏం చేయొచ్చు? రెండు గేదెలున్న ఇల్లు, సాయంత్రానికి ఎనిమిది లీటర్ల పాలు అనుకుందాం. ముందుగా పాలను అల్యూమినియం లేదా స్టీలు క్యాన్‌లోకి వడకట్టాలి. ప్లాస్టిక్ డబ్బా వద్దు. దాని గోడలు వేడిని త్వరగా బయటికి పోనివ్వవు, లోపలి గీతల్లో చేరిన మురికి ఎంత తోమినా పోదు. క్యాన్‌ను నీళ్ల తొట్టిలో దించాలి. లోపల పాలు ఎంత ఎత్తున ఉన్నాయో బయట నీళ్లు కనీసం అంత ఎత్తున ఉండాలి. నీళ్లు పాలకు మూడు రెట్లయినా ఉండాలి, అంటే ఇక్కడ 24 లీటర్లు.

ఆ నీళ్లు ఎక్కడివన్నది ముఖ్యం. మేడమీది ట్యాంకులో పగలంతా కాగిన నీళ్లు పనికిరావు. అప్పుడే తోడిన బోరు నీళ్లో, బావి నీళ్లో కావాలి. అవి 27 డిగ్రీలున్నాయనుకుంటే, 35 డిగ్రీల పాలు, నీళ్లు కలిసి 29 దగ్గర సమానమవుతాయి. నీళ్లు పారబోసి కొత్తవి పోస్తే మరో డిగ్రీ, డిగ్రీన్నర తగ్గుతుంది. ఎన్నిసార్లు మార్చినా పాలు ఆ నీటికంటే చల్లబడవు.

ఈ పద్ధతి పాలను త్వరగా చల్లార్చుతుందే తప్ప రాత్రంతా కాపాడలేదు. పాల కేంద్రానికి మూడు నాలుగు గంటల్లో చేర్చగలిగేవాళ్లకు ఇది సరిపోవచ్చు. తెల్లారేదాకా ఉంచాలంటే ఐసు కావాల్సిందే.

ఎంత ఐసు? కిలో ఐసు కరిగి 10 డిగ్రీలకు వచ్చేలోపు సుమారు 90 కిలోక్యాలరీల వేడిని లాగేస్తుంది. ఎనిమిది లీటర్ల పాలను 28 నుంచి 10 డిగ్రీలకు దించడానికి తీయాల్సిన వేడి 144 కిలోక్యాలరీలు. ఈ లెక్కన కిలోన్నర పైచిలుకు ఐసు చాలనిపిస్తుంది. కాని క్యాన్ చుట్టూ ఉన్న నీళ్లు కూడా చల్లబడాలి కదా! పది లీటర్ల నీళ్లుంటే అవసరం మూడున్నర కిలోలు దాటుతుంది. రాత్రంతా బయటి నుంచి చేరే వేడిని కూడా కలుపుకుంటే ఐదారు కిలోలు దగ్గరుంచుకోవాలి. అందుకే మొదటి విడత వేడి దిగాక పెద్ద తొట్టిలోంచి క్యాన్‌ను తీసి, దానికి కాస్త ఎడంగా సరిపోయే ఇరుకు టబ్బులోకి మార్చడం మేలు. నీళ్లు తక్కువైతే ఐసు ఆదా అవుతుంది. టబ్బు చుట్టూ గోనెసంచులో, థర్మోకోల్ పలకలో కప్పాలి.

ఊళ్లో ఐసు దొరకకపోతే ఇంటి ఫ్రిజ్‌లోని ఫ్రీజర్ ఆదుకుంటుంది. లీటరు సీసాల్లో కొంచెం వెలితిగా నీళ్లు నింపి ముందురోజే గడ్డకట్టిస్తే ఒక్కోటి దాదాపు కిలో ఐసుతో సమానం. సీసాలను క్యాన్ బయటి నీళ్లలోనే పెట్టాలి. ఐసు ముక్కలు నేరుగా పాలలో వేస్తే నీళ్లు కలిపినట్టే. లాక్టోమీటర్ పట్టేస్తుంది, ఎస్ఎన్ఎఫ్ పడిపోతుంది, ఐసు తయారైన నీటిలోని మురికి కూడా పాలలో చేరుతుంది.

చాలామంది మరిచిపోయే పని కలపడం. కదపని క్యాన్‌లో అంచుల దగ్గరి పాలు చల్లబడతాయి గాని నడిమధ్య గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. మొదటి గంటలో పది నిమిషాలకోసారి శుభ్రమైన స్టీలు గరిటెతో అడుగు నుంచి కలపాలి. ఆ వేడి దిగేదాకా మూత బిగించకుండా పలచటి గుడ్డ కప్పి, తర్వాత మూత పెట్టాలి. ఫ్రిజ్‌లో పెట్టదలిస్తే ముందు నీళ్లలో చల్లార్చి, ఆపైన వెడల్పు గిన్నెల్లో పలచగా పోసి పెట్టాలి. లోతైన గిన్నెలో వెచ్చటి పాలు ఫ్రిజ్‌లోనూ చాలా ఆలస్యంగా చల్లబడతాయి.

ఇంత చేసినా క్యాన్ సరిగా కడగకపోతే శ్రమ వృథా. పాలు పోసేసిన వెంటనే ముందు చన్నీళ్లతో కడగాలి. వేణ్ణీళ్లు ముందుగా తగిలితే పాల జిడ్డు గోడలకు అతుక్కుపోతుంది. తర్వాత వేడినీళ్లు, వాషింగ్ సోడాతో తోమి, కడిగి, ఎండలో బోర్లించాలి. పితికేటప్పుడు ప్రతి చన్ను నుంచి తొలి రెండు ధారలు వేరే గిన్నెలో పట్టి పారబోయాలి. వాటిలోనే సూక్ష్మజీవులు ఎక్కువ, పొదుగువాపు ఉంటే గడ్డలు కనిపించేదీ అక్కడే.

పొద్దున్నే క్యాన్ కేంద్రానికి పంపే ముందు ఒక పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. కాసిన్ని పాలు చిన్న గిన్నెలో మరిగించి, గిన్నె వంచి చూస్తే అంచున సన్నటి రవ్వలు కనిపించాయంటే ఆమ్లం ముదిరినట్టే. అప్పుడే పితికిన పాలు కూడా ఇలా విరిగితే తప్పు నిలవలో లేదు. పొదుగువాపో, కొత్తగా ఈనిన గేదె జున్నుపాలో కారణం కావచ్చు.

పులిసే పాలలో సోడా వేసి కప్పిపుచ్చే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది కల్తీ, రోజాలిక్ ఆమ్లంతో చేసే పరీక్షలో పాలు గులాబీ రంగుకు మారి బయటపడుతుంది. రాత్రి పాలలో పొద్దుటి వెచ్చటి పాలు కలపడం కూడా తప్పే. 10 డిగ్రీల పాలు ఎనిమిది లీటర్లకు 35 డిగ్రీల పాలు ఎనిమిది లీటర్లు తోడైతే మొత్తం 22 డిగ్రీలు దాటుతుంది, రాత్రి ఖర్చుపెట్టిన ఐసంతా దండగ అవుతుంది. రెండింటినీ వేర్వేరు క్యాన్లలో తీసుకెళ్లాలి. రాత్రి పాల మీద అనుమానం ఉంటే ఇంట్లోనే తోడు పెట్టుకోవాలి. కేంద్రంలోని కూలర్ పులియడాన్ని ఆపుతుందే గాని పులిసిన పాలను తిరిగి తాజా చేయలేదు. పైగా ఆ క్యాన్ ట్యాంకులో పడితే ఊరందరి పాలకూ ముప్పే.