పక్కలు ఊగితే నడుమ బొమ్మ నిలవదు

కైకలూరు పక్కన, కొల్లేటిలోని ఆటపాక పక్షుల కేంద్రంలో పడవెక్కితే గూడబాతులు కాపురముండే ఇనుప స్టాండ్ల దగ్గరిదాకా వెళ్ళొచ్చు. కిందటి శీతాకాలం నేనూ వెళ్ళాను. పడవలో అందరి చేతుల్లోనూ ఫోన్లు నిలువుగానే ఉన్నాయి, నా చేతిలోదీ అంతే. నలభై సెకన్ల వీడియో దొరికింది. తల్లి పక్షి నోరు తెరిస్తే పిల్ల దాని ముక్కు కింది సంచిలోకి తల దూర్చి మేత తింటోంది. ఫిబ్రవరి 2 ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవం కదా, ఆ రోజు తాడేపల్లిగూడెంలో ఒక బడి హాల్లో ప్రొజెక్టరు పెట్టి పిల్లలకు దాన్ని చూపించాను.

తెర అడ్డంగా ఉంటుంది, వీడియో నిలువుగా ఉంది. రెండు పక్కలా నల్లటి పట్టీలు మిగిలిపోతాయని, అందరూ చేసేదే నేనూ చేశాను. అదే వీడియోకి ఇంకో కాపీ తీసి, తెర నిండేలా పెద్దది చేసి, బాగా బ్లర్ చేసి వెనక పరిచాను. టీవీ వార్తల్లో, పెళ్ళి వీడియోల్లో మీరు రోజూ చూసే పద్ధతే. వీడియో ఇంకా ఆడుతుండగానే ముందు వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. "మాస్టారూ, మధ్యలోది బాగుందండీ, పక్కలే ఊగిపోతున్నాయండీ. కళ్ళు తిరుగుతున్నాయి" అంది.

నేను ఆ క్లిప్పును ఎన్నోసార్లు చూశాను, కానీ లాప్‌టాప్ మీద. ఆ పిల్ల చెప్పింది పట్టుకుని లెక్క వేస్తే అసలు విషయం బయటపడింది.

ఫోన్ నిలువు వీడియో వెడల్పు 1080 పిక్సెళ్ళు, ఎత్తు 1920. మన తెర దానికి తిరగేసిన కొలత, వెడల్పు 1920, ఎత్తు 1080. నిలువు వీడియోను ఆ ఎత్తులో పట్టించాలంటే 56.25 శాతానికి కుదించాలి. అప్పుడు దాని వెడల్పు సుమారు 608 పిక్సెళ్ళు అవుతుంది. అంటే తెరలో మూడో వంతు కూడా నిండదు. రెండు పక్కలా చెరో 656 పిక్సెళ్ళ ఖాళీ మిగులుతుంది. దాన్ని పూడ్చే వెనక కాపీని మాత్రం వెడల్పు 1920 అయ్యేదాకా సాగదీయాలి, అంటే దాదాపు 1.78 రెట్లు. ముందున్నది కుదించిన బొమ్మ, వెనకున్నది సాగదీసిన బొమ్మ. రెండింటికీ తేడా 3.16 రెట్లు.

ఈ 3.16 దగ్గరే కిటుకంతా ఉంది. పడవ ఊగి, ఫోన్‌లో బొమ్మ 40 పిక్సెళ్ళు పక్కకు జరిగిందనుకోండి. నడుమ వీడియోలో ఆ జరుగు 22 పిక్సెళ్ళకే తేలిపోతుంది. వెనక కాపీలో అదే 71 పిక్సెళ్ళవుతుంది. ఆరడుగుల వెడల్పు తెర మీద చూస్తే నడుమ బొమ్మ అంగుళం కూడా కదలదు, పక్కలు మాత్రం రెండున్నర అంగుళాలకు పైగా కొట్టుకుంటాయి. పడవ ఒక్కటే, ఊపు ఒక్కటే, తెర మీద మాత్రం రెండు ఊపులు.

బ్లర్ చేశాం కదా, కదలిక కనబడకూడదు కదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించింది. బ్లర్ ఏం చేస్తుందో కొంచెం దగ్గరగా చూడాలి. ఎక్కువగా వాడేది గాసియన్ బ్లర్. ప్రతి పిక్సెల్‌నీ దాని చుట్టుపక్కల పిక్సెళ్ళతో కలిపి సగటు తీస్తుంది. దగ్గరివాటికి ఎక్కువ బరువు, దూరంవాటికి తక్కువ బరువు. ఎంత దూరందాకా కలపాలో చెప్పే అంకె పేరు సిగ్మా. సిగ్మా 40 అంటే సుమారు 120 పిక్సెళ్ళ దూరందాకా లెక్కలోకి వస్తాయి. ఈకలు, ఇనుప చువ్వలు, నీటి మీది ముడతలు అన్నీ ఇందులో కరిగిపోతాయి. తెల్లటి పక్షి మచ్చ, బూడిద రంగు నీళ్ళు, పచ్చటి గట్టు లాంటి పెద్ద పెద్ద రంగు తెప్పలు మాత్రం మిగులుతాయి. బ్లర్ గీతల్ని చెరుపుతుందే తప్ప తెప్పల్ని ఆపదు. అవి ఆ 71 పిక్సెళ్ళూ ఊగుతూనే ఉంటాయి.

మన కన్ను కూడా ఇక్కడ పక్కల వైపే మొగ్గుతుంది. వివరాలు చదివేది కంటి నడిమి భాగం. అంచు చూపుకు అక్షరాలు కనబడవు, ముఖాలు ఆనవు, కానీ కదలికను మాత్రం ఇట్టే పట్టేస్తుంది. ఏలూరు స్టేషన్‌లో ఆగి ఉన్న రైల్లో కూర్చున్నప్పుడు పక్క పట్టాల మీది బండి కదిలితే, మన బండే కదిలిందని ఒక్క క్షణం ఉలిక్కిపడతాం. కిటికీ నిండా కదలిక కనబడగానే ఒళ్ళు కదులుతున్నట్టు మెదడు తేల్చేస్తుంది. లోపలి చెవి మాత్రం కదలడం లేదని చెబుతూ ఉంటుంది. ఈ రెండింటికీ పొత్తు కుదరకే కళ్ళు తిరుగుతాయి. లాప్‌టాప్ మీద పక్కలు అంచు చూపు దాకా రావు కాబట్టి నాకేమీ తెలియలేదు. ముందు వరసలో నేల మీద కూర్చున్న పిల్లలకు ఆ తెరే కిటికీ అయింది.

కాబట్టి వెనక కాపీని బ్లర్ చేస్తే సరిపోదు, దాన్ని కుదురుగా కూర్చోబెట్టాలి. తేలిక దారి ఒకటుంది. క్లిప్పులోంచి ఒక ఫ్రేమును స్టిల్‌గా తీసి దాన్నే వెనక పరచడం. షాట్ అంతా ఒకే వెలుతురులో ఉంటే అది చాలు. నా క్లిప్పులో నడుమ మబ్బు తొలగి ఎండ వచ్చింది. పక్షి మెరుస్తుంటే పక్కలు మబ్బు పట్టి ఉండటం బాగాలేదు.

అప్పుడు పనికొచ్చింది కాలంలో సగటు. బ్లర్ పక్కపక్క పిక్సెళ్ళను కలిపినట్టే, ఇది వెంటవెంట ఫ్రేముల్ని కలుపుతుంది. నా క్లిప్పులో పడవ ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి దాదాపు రెండు సెకన్లు పట్టింది, చూస్తూ లెక్కపెట్టాను. సెకనుకు 30 ఫ్రేముల చొప్పున అది 60 ఫ్రేములు. వరసగా 60 ఫ్రేముల సగటు తీస్తే కుడి ఊపూ ఎడమ ఊపూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మబ్బు తొలగడం లాంటి నిదానమైన మార్పు మాత్రం మెల్లగా వచ్చి కలుస్తుంది. ఒక జాగ్రత్త ఉంది. క్లిప్పు నడుమ కట్ ఉంటే పాత షాట్ రంగు కొత్త షాట్ పక్కన రెండు సెకన్లు వేలాడుతుంది. అందుకని ఏ షాట్‌కా షాట్ విడిగా చేసి తరవాత అతకాలి.

ఇంకో లోపం నేను రెండో రోజుగానీ గమనించలేదు. నడుమ బొమ్మలో నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత పైనుంచి 40 శాతం దగ్గర, అంటే తెర మీద 432వ పిక్సెల్ దగ్గర ఉంది. వెనక కాపీ 3.16 రెట్లు పెద్దది కాబట్టి, దాన్ని నడిమికి కత్తిరిస్తే ఆ గీత 199 దగ్గరికి ఎగబాకింది. నడుమ బొమ్మలో కొల్లేరు ఒక మట్టంలో, పక్కల్లో ఇంకో మట్టంలో! ఎంత బ్లర్ చేసినా కంటికి ఆ మెట్టు తగులుతూనే ఉంది. కత్తిరించే చోటును పైకి జరిపి రెండు గీతల్నీ ఒక వరసకు తెచ్చాను.

ఇవన్నీ కలిపి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రాస్తే ఇలా ఉంటుంది:

```
ffmpeg -i kolleru.mp4 -filter_complex "
[0:v]split[a][b];
[a]scale=480:-2,crop=480:270:0:232,gblur=sigma=10,
tmix=frames=60,scale=1920:1080,setsar=1,
eq=brightness=-0.08:saturation=0.7,
noise=alls=4:allf=t[bg];
[b]scale=-2:1080[fg];
[bg][fg]overlay=(W-w)/2:0" -c:a copy out.mp4
```

వెనక కాపీని ముందు 480 వెడల్పుకు తగ్గించడం చూడండి. ఎలాగూ బ్లర్ అయ్యే బొమ్మకు 20 లక్షల పిక్సెళ్ళ లెక్క ఎందుకు? నాలుగో వంతు కొలతలో పిక్సెళ్ళు పదహారో వంతే ఉంటాయి. అక్కడ సిగ్మా 10 పెడితే పెద్ద కొలతలో 40తో సమానం. పాత కంప్యూటరు కూడా ఈ పని చకచకా చేసేస్తుంది. 232 అన్న అంకే గీత సర్దుబాటు. నా క్లిప్పుకు అది కుదిరింది, మీ క్లిప్పులో గీత ఎక్కడుందో చూసి మార్చుకోవాలి. `eq` ఉన్న వరస వెలుతురును, రంగును కొద్దిగా తగ్గిస్తుంది. పక్కలు నడుమకంటే ఒక మెట్టు చీకటిగా ఉంటే చూపు పక్షి మీదే నిలుస్తుంది.

చివర ఉన్న `noise` ఎందుకని అడగొచ్చు. సాయంత్రం ఆకాశాన్ని బాగా బ్లర్ చేస్తే రంగు మరీ నున్నగా మారిపోతుంది. మామూలు వీడియోలో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి కాబట్టి, ఆ నున్నదనం మీద మెట్లు మెట్లుగా చారలు తేలతాయి. కాస్త ఇసుక చల్లినట్టు సన్నటి గింజ వేస్తే ఆ చారలు విడిపోతాయి. క్లిప్పును వాట్సాప్‌లో పంపితే ఆ కుదింపులో గింజ పోయి చారలు మళ్ళీ పైకొస్తాయి, అందుకే హాలుకు అసలు ఫైలునే పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళాలి. ప్రీమియర్ ప్రోలో చేసేవాళ్ళు గాసియన్ బ్లర్ కింద `Repeat Edge Pixels` అన్న గడికి టిక్ పెట్టడం మరవకూడదు. పెట్టకపోతే తెర అంచుల చుట్టూ నల్లటి నీడ పాకుతుంది.

ఇంత చెప్పినా, ఈ పద్ధతి అసలు వాడకూడని చోటు ఒకటుందని నా గట్టి అభిప్రాయం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటిలోకి దిగినప్పుడు ఏలూరు–కైకలూరు దారి మీదుగా నీళ్ళు పారాయి. అలాంటి నీళ్ళను ఫోన్‌లో నిలువుగా తీస్తే చూపించేది ఒక సన్నటి చీలికను మాత్రమే. దానికి పక్కల్లో అదే నీటిని మూడు రెట్లు పెంచి పరిస్తే, కెమెరా చూడని చోట కూడా వరద ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. ఆ పక్క పొలం మునిగిందో లేదో క్లిప్పు చెప్పలేదు, మనం చెప్పించకూడదు. సాక్ష్యంగా చూపే వీడియోకు పక్కల్లో ముదురు బూడిద రంగు చాలు. పక్షులకూ పెళ్ళిళ్ళకూ బ్లర్ సరే.

వారం తరవాత సరిచేసిన వీడియోను అదే హాల్లో మళ్ళీ వేశాను. ఆ అమ్మాయి ముందు వరసలోనే కూర్చుంది. ఈసారి పక్కల సంగతి ఎవరూ ఎత్తలేదు. పిల్ల పక్షి తల అంత లోపలికి పోతే ఊపిరి ఎలా ఆడుతుందని అడిగారు.

మీరు చేసిన వీడియోను బయటికి పంపేముందు పెద్ద తెర మీద ఒకసారి వేసి, దగ్గరగా కూర్చుని, నడుమ బొమ్మను అరచేత్తో మూసి పక్కల్ని మాత్రమే పది సెకన్లు చూడండి. ఏదైనా కదులుతున్నట్టు తోస్తే ఫ్రేముల సంఖ్య పెంచి మళ్ళీ చేయండి.