వాడని సంచీ పొలుసులెందుకు రాలుతుంది?

ముచ్చటపడి కొన్న చేసంచీని నాలుగేళ్ళు బీరువాలో భద్రంగా దాచి, ఒకనాడు తీసి చూస్తే పైపొర పొలుసులుగా రాలి చీరకంతా అంటుకొంటుంది. “వాడనైనా లేదే, యెట్లా పాడయింది?” అని యిల్లాండ్రు ఆశ్చర్యపడుతూ వుంటారు. వాడకపోయినంత మాత్రాన అది నిలవదు. దానిని తినివేసేది గాలిలోని చెమ్మ.

తోలును పోలిన సరుకులో ముఖ్యమైనవి రెండు రకాలు. రెండింటికీ అడుగున వుండేది గుడ్డే. దానిపై పీ.వీ.సీ. పూసినదాన్ని మనం చిరకాలంగా రెక్సిన్ అంటున్నాము. రెండవదానిపై పూత పాలీయురిథేన్. ఇది మెత్తగా, అచ్చం తోలువలె వుంటుంది. పొలుసులు రాల్చేది సాధారణంగా యిదే.

పాలీయురిథేన్ అణువులు పొడుగాటి గొలుసుల వంటివి. చవక రకాలలో ఆ గొలుసును పట్టివుంచేవి చాలావరకు ఎస్టరు లంకెలు. గాలిలోని నీటి ఆవిరి పూతలోనికి చొచ్చి ఆ లంకెలను తెంపుతుంది. తెగినచోట ఆమ్లం పుడుతుంది. అది తక్కిన లంకెలు తెగడాన్ని త్వరపెడుతుంది. అందుచేతనే కొన్నేళ్ళపాటు యేమీ కానట్లు కనబడిన వస్తువు, తరువాత కొద్ది నెలలలోనే వూడిపోతుంది. వేడి తోడైతే వేగం హెచ్చు. చెన్నపట్నంలోనూ యానాంలోనూ వున్న సంచీకి బెంగుళూరు సంచీకంటె ఆయుష్షు తక్కువ కావడం యిందువల్లనే.

ఒక సంచీని రెండు పెళ్ళిళ్ళకు పట్టుకొని, పాలిథీను కవరులో బిగించి, స్నానాలగది గోడను ఆనుకొన్న బీరువా కింది అరలో పెట్టారనుకోండి. లోపలి చెమ్మ బయటకు పోయే దారి లేదు. మొదట పిడివద్ద, మడతలవద్ద చేతికి జిగురు తగులుతుంది. తరువాత సన్నని పగుళ్ళు కనబడతాయి. ఆపైన వేలితో రుద్దితే పొర లేచి గుడ్డ బయటపడుతుంది. అంతవరకూ వచ్చినదానికి మందు లేదు. అంటించినా పక్కనే మళ్ళీ వూడుతుంది. కొబ్బరినూనె రాసినందువల్ల తెగిన గొలుసు అతకదు.

రెక్సిన్ జబ్బు వేరు. మెత్తదనానికని దానిలో కలిపిన నూనె వంటి పదార్థం క్రమంగా పైకి వచ్చి జిడ్డు తేలుతుంది. అది పోయినకొద్దీ రెక్సిన్ బిరుసెక్కి పగులుతుంది. ఆ జిడ్డు పక్క వస్తువుకూ అంటుతుంది గనుక రెండు సంచీలను ఒకదానికొకటి తగిలేటట్లు పెట్టరాదు.

దాచవలసివస్తే పొడిగుడ్డతో తుడిచి, నీడన గాలికి ఆరనిచ్చి, నూలుగుడ్డ సంచీలో వేసి, గోడకు దూరంగా పై అరలో వుంచండి. లోపల తెల్లకాగితం కూరితే మడతలు పడవు. సిలికా జెల్ పొట్లం వేస్తే మంచిదే కాని, చెమ్మ పీల్చి నిండిన పొట్లాన్ని మార్చాలి. ఇవన్నీ చేసినా ఆయుష్షు కొంత పెరుగుతుందే కాని, అరుగుదల ఆగదు. కాబట్టి యిటువంటి సంచీని రేపటి పెళ్ళికని దాచక, నేడే బజారుకు పట్టుకొని వెళ్ళడం మేలు.