గర్భిణికి జలుబు: మెడికల్ షాపు కవర్లో ఏముంటుంది?

"అన్నా, ఇంట్లో ఆవిడకి జలుబు, జ్వరం, ఒళ్ళు నొప్పులు. రెండు రోజులకి ఏమన్నా బిళ్ళలివ్వు." మన ఊళ్ళ మెడికల్ షాపుల ముందు ఈ మాట రోజూ వినపడుతుంది. ఆ ఇంట్లో ఆవిడ కడుపుతో ఉందన్న సంగతి చాలాసార్లు అడిగేవాడికి చెప్పాలని తోచదు, ఇచ్చేవాడికి అడగాలని తోచదు. షాపతను నాలుగు షీట్లు తీసి, కత్తెరతో కత్తిరించి, చిన్న కాగితం కవర్లో వేసి, "పూటకి ఒక్కోటి, మూడు పూటలా" అంటాడు.

అలాంటి కవరు ఒకటి విప్పి చూద్దాం. ఉదాహరణకి ఆవిడకి 26వ వారం నడుస్తోందనుకుందాం. కవర్లో నాలుగు రకాలున్నాయి. మొదటిది జలుబు బిళ్ళ. ఇలాంటి వాటిలో సాధారణంగా పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములు, ముక్కు దిబ్బడకు ఫినైల్‌ఎఫ్రిన్, ముక్కు కారకుండా క్లోర్‌ఫెనిరమైన్ కలిపి ఉంటాయి. రెండోది ఒళ్ళు నొప్పులకి కాంబిఫ్లామ్. ఇందులో ఐబుప్రొఫెన్ 400, పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు. మూడోది జ్వరానికి డోలో 650, అంటే 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్. నాలుగోది తుమ్ములకి సెట్రిజిన్.

ఇప్పుడు లెక్క వేయండి. మొదటి మూడూ మూడు పూటలా మింగితే జలుబు బిళ్ళ నుంచి 1500, కాంబిఫ్లామ్ నుంచి 975, డోలో నుంచి 1950, మొత్తం 4425 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఒక్క రోజులో ఒంట్లోకి వెళ్తుంది. పెద్దవాళ్ళకి రోజుకి 4000 మిల్లీగ్రాములే గరిష్ఠ పరిమితి. చాలామంది డాక్టర్లు 3000 దగ్గరే ఆపమంటారు. బరువు 50 కిలోల లోపు ఉన్నా, లివర్ జబ్బు ఉన్నా మోతాదు ఇంకా తగ్గించాలి. మూడు బిళ్ళలకీ మూడు పేర్లు, మూడు రంగులు కాబట్టి ఒకే మందును మూడుసార్లు మింగుతున్నామని ఆమెకి తెలిసే దారే లేదు. మోతాదు మించితే దెబ్బ తినేది లివరు. పైగా క్లోర్‌ఫెనిరమైన్, సెట్రిజిన్ రెండూ అలర్జీ మందులే. రెండూ కలిస్తే రోజంతా మత్తు తప్ప అదనంగా ఒరిగేదేమీ ఉండదు.

అయితే ఆ కవర్లో అసలు ఉండకూడనిది ఐబుప్రొఫెన్. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్, మెఫెనమిక్ యాసిడ్, నిమెసులైడ్ అన్నీ ఐబుప్రొఫెన్ కుటుంబానివే. నొప్పిని, వాపును పెంచే ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు ఒంట్లో తయారుకాకుండా ఇవి అడ్డుకుంటాయి. మనకి నొప్పి తగ్గేది అందుకే. కానీ కడుపులో బిడ్డకి ఆ పదార్థాలతో వేరే పని ఉంది. బిడ్డ మూత్రపిండాలకి రక్తం సరిగ్గా అందడానికి అవి కావాలి. సుమారు 20 వారాల తర్వాత గర్భసంచిలో ఉండే ఉమ్మనీటిలో ఎక్కువ భాగం బిడ్డ మూత్రమే. మూత్రపిండాలు మందగిస్తే మూత్రం తగ్గుతుంది, దాంతో ఉమ్మనీరూ తగ్గుతుంది. సాధారణంగా కొన్ని రోజులు, వారాలు వాడినప్పుడు ఇలా జరుగుతుంది. అరుదుగా రెండు రోజులకే కనిపించిన సందర్భాలూ ఉన్నాయి. తల్లికి నొప్పిగానీ, ఇంకే లక్షణంగానీ ఉండకపోవచ్చు. స్కానింగులో "నీరు తక్కువగా ఉంది" అన్నప్పుడే బయటపడుతుంది. మందు ఆపేస్తే చాలామందిలో నీరు మళ్ళీ పెరుగుతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 అక్టోబరులో ఇచ్చిన హెచ్చరిక దీని గురించే: 20 వారాలు దాటాక డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప ఈ మందులు వాడొద్దు.

ఏడో నెల దాటాక మరో ప్రమాదం తోడవుతుంది. కడుపులో ఉన్నన్నాళ్ళూ బిడ్డ ఊపిరితిత్తులతో గాలి పీల్చదు కాబట్టి, రక్తం చాలావరకు ఊపిరితిత్తుల్లోకి పోకుండా గుండె దగ్గరున్న ఒక చిన్న నాళం దాన్ని పక్కదారి పట్టిస్తుంది. పుట్టాక అది దానంతటదే మూసుకుపోతుంది. దాన్ని అప్పటిదాకా తెరిచి ఉంచేవి కూడా ప్రోస్టాగ్లాండిన్లే. నెలలు నిండే సమయంలో తల్లి నొప్పి బిళ్ళలు వాడితే ఆ నాళం కడుపులోనే కుదించుకుపోయి బిడ్డ గుండె మీద భారం పడవచ్చు. మొదటి నెలల్లో వీటి ప్రమాదం ఇంత స్పష్టంగా తేలలేదు. గర్భస్రావంతో సంబంధం ఉందేమోనని కొన్ని అధ్యయనాలు అనుమానించాయి. అందుకే అప్పుడు కూడా డాక్టరు చెప్పకుండా వాడకపోవడమే మంచిది.

ఈ కుటుంబాన్ని గుర్తుపట్టడం మన దేశంలో అంత తేలిక కాదు, ఎందుకంటే ఇక్కడ విడి మందుకంటే కలిపిన మందులే ఎక్కువ అమ్ముడవుతాయి. పేరు చివర 'పి' ఉంటే పారాసిటమాలే కదా అనుకుంటారు. నిజానికి చాలా బ్రాండ్లలో ఆ 'పి'కి ముందున్న అసలు మందు అసిక్లోఫెనాకో, నిమెసులైడో అయి ఉంటుంది. కాబట్టి షీటు కత్తిరించి ఇస్తే మందుల పేర్లు అచ్చేసి ఉన్న ముక్క మీకే ఇమ్మనండి, లేదా మొత్తం షీటు కొనండి. నడుం నొప్పికి రాసుకునే జెల్లులు, స్ప్రేలలో కూడా చాలావాటిలో డైక్లోఫెనాక్ ఉంటుంది. చర్మం గుండా ఒంట్లోకి చేరేది తక్కువే అయినా, చివరి మూడు నెలల్లో అవీ వద్దనే చెబుతారు. దానికి బదులు వేడినీళ్ళ కాపడం పెట్టుకోవచ్చు.

ఆస్పిరిన్ దగ్గర మాత్రం చాలా ఇళ్ళలో గందరగోళం జరుగుతుంది. తలనొప్పికి నీళ్ళలో కరిగించి తాగే బిళ్ళలో ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. గర్భిణులు దాన్ని సొంతంగా వేసుకోకూడదు. అదే ఆస్పిరిన్ 75 లేదా 150 మిల్లీగ్రాముల చిన్న మోతాదులో, ఎకోస్ప్రిన్ వంటి పేర్లతో, డాక్టర్లే గర్భిణులకి రాస్తారు. గత కాన్పులో బీపీ పెరిగినవాళ్ళకి, కవలలు ఉన్నవాళ్ళకి, ఇంకొన్ని ముప్పులు ఉన్నవాళ్ళకి మళ్ళీ బీపీ ముదరకుండా మూడో నెల నిండాక దీన్ని మొదలుపెడతారు. "కడుపుతో ఉన్నప్పుడు ఆస్పిరినా?" అని పక్కింటివాళ్ళు అన్నారని దాన్ని మానేయడం, తలనొప్పికి పెద్ద ఆస్పిరిన్ వేసుకోవడం ఎంత తప్పో అంత తప్పు.

మరి జ్వరానికి, నొప్పికి ఏం వేసుకోవాలి? తొమ్మిది నెలల్లో ఏ నెలలోనైనా డాక్టర్లు ముందుగా చెప్పేది విడి పారాసిటమాలే. 500 మిల్లీగ్రాముల బిళ్ళ ఒకటి, అవసరమైతే రెండు. లేదా 650 బిళ్ళ ఒకటి. మళ్ళీ వేసుకోవడానికి కనీసం 4 నుంచి 6 గంటల వ్యవధి ఉండాలి. అవసరమున్న రోజులే, తక్కువ మోతాదులోనే వాడాలి. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం ఈ మందుకీ పిల్లల్లో ఆటిజానికీ సంబంధం ఉండవచ్చని ప్రకటించాక ఎందరో గర్భిణులు భయపడ్డారు. అలాంటి సంబంధం రుజువు కాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూరప్ ఔషధ సంస్థ వెంటనే స్పష్టం చేశాయి. అంతకు ముందే, 2024లో, స్వీడన్‌లో పుట్టిన సుమారు 25 లక్షల మంది పిల్లల వివరాలతో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. ఒకే తల్లికి పుట్టిన పిల్లల్లో, పారాసిటమాల్ వాడిన కాన్పునీ వాడని కాన్పునీ పోల్చి చూస్తే ఆటిజంలో తేడా కనిపించలేదు. ఆ భయంతో జ్వరాన్ని అలాగే ఓర్చుకోవడమే నష్టం. తొలి వారాల్లో ఎక్కువ జ్వరం బిడ్డ వెన్నెముక లోపాలకి ఒక కారణం కావచ్చు. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే పారాసిటమాల్ వేసుకోవాలి. రెండో రోజుకీ తగ్గకపోతే డాక్టరుకి చూపించాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలేరియా, డెంగీ ఏవైనా కావచ్చు. డెంగీ అయితే ఐబుప్రొఫెన్ రక్తస్రావం ముప్పునూ పెంచుతుంది.

ఇక జలుబు సంగతి. మందు వేసినా వేయకపోయినా అది వారం పది రోజుల్లో తగ్గుతుంది, కాబట్టి ఏది వేసుకున్నా కాస్త హాయి కోసమే. ఆ మాత్రం హాయికి కలిపిన బిళ్ళ అక్కర్లేదు. మాత్రల్లో ఉండే ఫినైల్‌ఎఫ్రిన్ రక్తనాళాలను కుదించే మందు. బీపీ ఉన్న గర్భిణికి అసలు పనికిరాదు. పైగా నోటితో వేసుకుంటే అది ముక్కు దిబ్బడను తగ్గించడం లేదని తేలడంతో, 2024 నవంబరులో ఎఫ్‌డీఏ దాన్ని జలుబు మాత్రల నుంచి తొలగించాలని ప్రతిపాదించింది. పనిచేయని మందు కోసం కొద్దిపాటి ముప్పు కూడా ఎందుకు? అదే రకానికి చెందిన సూడోఎఫెడ్రిన్‌ను మొదటి మూడు నెలల్లో వాడొద్దంటారు. ముక్కు దిబ్బడకు ఉప్పునీటి చుక్కలు, ఆవిరి పట్టడం మొదటి మెట్టు. గిన్నె ఒళ్ళో పెట్టుకోకుండా బల్ల మీద పెట్టుకుని ఆవిరి పట్టండి. ముక్కు కారడం, తుమ్ములు మరీ ఇబ్బంది పెడితే సెట్రిజిన్, లోరాటడిన్, క్లోర్‌ఫెనిరమైన్‌లలో ఏదో ఒకటి, ఒక్కటే, డాక్టరునో ఏఎన్ఎంనో అడిగి వాడుకోవచ్చు. దగ్గుకు తేనె కలిపిన గోరువెచ్చని నీళ్ళు, గొంతుకి ఉప్పునీళ్ళ పుక్కిలింత చాలావరకు సరిపోతాయి. సిరప్ అవసరమైతే సీసా మీద కోడీన్, ఆల్కహాల్ లేవని చూసుకోవాలి. నెలలు నిండేటప్పుడు కోడీన్ తాగితే పుట్టిన బిడ్డ శ్వాస మందగించవచ్చు.

జలుబు లేకపోయినా కొందరు గర్భిణులకి వారాల తరబడి ముక్కు మూసుకుపోయే ఉంటుంది. అది గర్భం వల్ల ముక్కు లోపలి పొర ఉబ్బడం. కాన్పు అయ్యాక పోతుంది. దీన్ని జలుబనుకుని ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కలు రోజూ వేస్తే మూడు నాలుగు రోజుల తర్వాత ముక్కు ఇంకా గట్టిగా బిగుసుకుపోతుంది. చుక్కలు వేస్తేగానీ నిద్ర పట్టని స్థితి వస్తుంది. ఇలాంటివాళ్ళు తల కాస్త ఎత్తుగా పెట్టుకుని పడుకోవడం, ఉప్పునీటి చుక్కలు వాడడం మేలు.

తెలియక ఐబుప్రొఫెన్ బిళ్ళ ఒకటో రెండో మింగేశామని భయపడి వచ్చేవాళ్ళుంటారు. ఒకటి రెండు బిళ్ళలతో హాని జరిగే అవకాశం చాలా తక్కువ. ఆపేసి, ఎన్ని, ఏ వారంలో వేసుకున్నారో డాక్టరుకి చెబితే చాలు. 20 వారాల తర్వాత రెండు రోజులకు మించి వాడి ఉంటే మాత్రం ఉమ్మనీరు చూడడానికి స్కానింగు రాయవచ్చు.

తలనొప్పికి మాత్రం బిళ్ళ వేసుకోవడంతో సరిపెట్టకూడని సందర్భం ఒకటుంది. 20 వారాలు దాటాక కొత్తగా వచ్చిన, పారాసిటమాల్‌కి లొంగని తలనొప్పితోపాటు కళ్ళు మసకబారడం, పక్కటెముకల కింద నొప్పి, ముఖం, చేతులు ఉన్నట్టుండి వాయడం కనిపిస్తే రెండో బిళ్ళ కోసం చూడకుండా బీపీ కొలిపించుకోవాలి. 140/90 లేదా అంతకు మించి ఉంటే, అర్ధరాత్రి అయినా సరే, అదే గంటలో ఆసుపత్రికి వెళ్ళాలి.