సంతకానికి ముందే తేల్చుకోవాల్సిన తేదీ

సాఫ్ట్‌వేర్ ఒప్పందంలో ధర మొదటి పేజీలోనే కనిపిస్తుంది. బయటపడే దారి మాత్రం ఎక్కడో పదో పేజీ దాటాక, టర్మ్ అండ్ టర్మినేషన్ అన్న శీర్షిక కింద ఉంటుంది. కొనేవాళ్లు బేరమంతా మొదటి పేజీ మీదే ఆడేసి, మిగతా పేజీలకు ఇనీషియల్స్ గీసి పంపేస్తారు. ఏడాది తిరిగాక ఆ సాఫ్ట్‌వేర్ వద్దనుకున్నప్పుడు ఆ పదో పేజీయే వారికి అడ్డు నిలబడుతుంది.

ఒక ఉదాహరణతో చూద్దాం. రాజమండ్రిలో మూడు శాఖలున్న ఒక డయాగ్నస్టిక్ సెంటర్ ఉందనుకుందాం. శాంపిల్ తీసుకున్నప్పటి నుంచి రిపోర్టు ఇచ్చేదాకా పనికొచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి కొంటోంది. వాడేవాళ్లు 20 మంది. ఒక్కొక్కరికి నెలకు అసలు ధర వెయ్యి రూపాయలట, ‘మీకు కాబట్టి’ 600కే ఇస్తున్నారు. జీఎస్టీ కాక ఏడాదికి 1,44,000 రూపాయలు, ముందుగానే కట్టాలి. యజమాని సంతకం చేసింది 2025 ఏప్రిల్ 5న. పాత రికార్డులు ఎక్కించి, సిబ్బందికి నేర్పించి, అసలు వాడకం మొదలుపెట్టింది జూన్ 1న.

ఒప్పందంలోని రెన్యూవల్ క్లాజును తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: ‘ఈ ఒప్పందం ఎఫెక్టివ్ డేట్ నుంచి 12 నెలలు అమల్లో ఉంటుంది. గడువు ముగియడానికి కనీసం 60 రోజుల ముందు, వద్దనుకుంటున్నట్టు ఏదో ఒక పక్షం రాతపూర్వకంగా తెలియజేస్తే తప్ప, ఆ తర్వాత 12 నెలల చొప్పున దానంతటదే రెన్యూ అవుతుంది. రెన్యూవల్ కాలానికి కంపెనీ అప్పటి ధరలు వర్తిస్తాయి.’

యజమాని లెక్కలో ఏడాది జూన్ నుంచి జూన్ దాకా. ఒప్పందం లెక్క వేరు. డెఫినిషన్స్ పేజీ తిప్పి చూస్తే ఎఫెక్టివ్ డేట్ అంటే చివరి సంతకం పడిన రోజు అని ఉంది. అంటే 2025 ఏప్రిల్ 5. గడువు 2026 ఏప్రిల్ 4తో తీరిపోతుంది. అక్కడి నుంచి 60 రోజులు వెనక్కి లెక్కపెడితే ఫిబ్రవరి 3. వద్దని చెప్పడానికి అదే ఆఖరి రోజు. సాఫ్ట్‌వేర్ వాడటం మొదలుపెట్టి అప్పటికి నిండా ఎనిమిది నెలలే అయింది. మార్చిలో ఏడాది లెక్కలు చూసుకుంటూ, ‘ఇది మనకు పనికిరాదు, మార్చేద్దాం’ అనుకునే సమయానికి రెండో ఏడాది ఖాయమైపోయి ఉంటుంది.

పైగా ఆ రెండో ఏడాది 600కు రాదు. ‘అప్పటి ధరలు’ అన్న మాట వల్ల తగ్గింపు పోయి వెయ్యి రూపాయల ధర వస్తుంది. 20 మందికి 2,40,000, అంటే మొదటి ఏడాది కంటే 96,000 ఎక్కువ. మధ్యలో ఒక శాఖ మూతపడి 12 మందే మిగిలారనుకోండి, రెన్యూవల్ అంతకుముందున్న సంఖ్యకే జరుగుతుందని రాసి ఉంటే కట్టాల్సింది 20 మందికే. మొదటి ఏడాది పెద్ద తగ్గింపు ఇస్తున్నారంటే నేనైతే ముందు రెన్యూవల్ ధర వాక్యాన్నే వెతుకుతాను. ఆ తగ్గింపును తిరిగి రాబట్టుకునే చోటు సాధారణంగా అదే.

తేదీ గుర్తుపెట్టుకుని ఫిబ్రవరి 1నే చెప్పినా పని జరగకపోవచ్చు. ఎలా చెప్పారన్నది ఇంకో క్లాజులో ఉంటుంది, దాని పేరు నోటీసెస్. సేల్స్ అబ్బాయికి వాట్సాప్‌లో ‘మాకు వద్దు బాబూ’ అని పెడితే అతను ‘ఓకే సార్’ అంటాడు. ఒప్పందం మాత్రం నోటీసు ఫలానా ఈమెయిల్‌కు లేదా రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకు చేరితేనే చెల్లుతుందంటుంది. చేరిన రోజు నుంచే లెక్క అని కూడా రాసి ఉంటే, ఫిబ్రవరి 1న పోస్టు చేసిన ఉత్తరం 5న అందితే ఆలస్యమైనట్టే. ఆ అబ్బాయి ఈలోగా ఉద్యోగం మారిపోయి ఉంటే అతని ‘ఓకే సార్’కు సాక్ష్యం కూడా ఉండదు.

దీనికి అనుభవమున్న కొనుగోలుదారులు చేసే పని ఒకటుంది. క్లాజులో ‘కనీసం 60 రోజుల ముందు’ అని మాత్రమే ఉంటే, ఎంత ముందుగా చెప్పినా చెల్లుతుంది. కాబట్టి సంతకం చేసిన వారంలోనే, నోటీసెస్ క్లాజులో ఉన్న చిరునామాకు, ‘మొదటి గడువు తర్వాత ఈ ఒప్పందాన్ని రెన్యూ చేయబోం’ అని రాసి పంపేస్తారు. సాఫ్ట్‌వేర్ నచ్చితే గడువు చివర్లో కూర్చుని కొత్త ధరతో మళ్లీ రాసుకుంటారు. అప్పుడు కంపెనీయే వీళ్ల వెంటపడుతుంది. మొహమాటం అనిపించవచ్చు గానీ ఇందులో తప్పేమీ లేదు, క్లాజు ఇచ్చిన హక్కే అది. ఒక్క జాగ్రత్త: కొన్ని ఒప్పందాల్లో ‘60 రోజులకు తక్కువ కాకుండా, 90 రోజులకు మించకుండా’ అని ఉంటుంది. అలాంటప్పుడు ముందే పంపిన నోటీసు చెల్లదు. మన ఉదాహరణలో ఆ కిటికీ తెరుచుకునేది 2026 జనవరి 4న, మూసుకునేది ఫిబ్రవరి 3న.

ఇక మధ్యలోనే మానేయాలంటే చూడాల్సింది టర్మినేషన్ క్లాజు. ఇందులో రెండు రకాల హక్కులుంటాయి. ఏ కారణమూ చెప్పకుండా మానేసే హక్కు ఒకటి, అవతలివాళ్లు మాట తప్పితే మానేసే హక్కు ఇంకొకటి. ఏడాది ఒప్పందాల్లో కొనేవాళ్లకు తరచుగా రెండోదే దొరుకుతుంది. మొదటిది కొన్నిచోట్ల కంపెనీకి మాత్రమే ఉంటుంది: వాళ్లు 30 రోజుల నోటీసుతో ఎప్పుడైనా ఆపేయొచ్చు, మీరు ఆపకూడదు. అందుకే ఆ పేరాలో ‘ఏదో ఒక పక్షం’ అని ఉందో, ‘కంపెనీ’ అని ఉందో చూడాలి.

మాట తప్పినందుకు మానేసే హక్కు కూడా అనుకున్నంత తేలిక కాదు. ‘మెటీరియల్ బ్రీచ్’ జరగాలి, అంటే ఒప్పందం మూలాన్నే దెబ్బతీసే లోపం ఉండాలి. దాన్ని రాతపూర్వకంగా చెప్పాలి. సరిదిద్దుకోవడానికి సాధారణంగా 30 రోజులు ఇవ్వాలి. రిపోర్టులు ఆలస్యంగా వస్తున్నాయని ఫోన్లో పదిసార్లు గొడవపడినా, నోటీసు ఇవ్వకపోతే ఆ 30 రోజులు మొదలే కావు. సపోర్ట్ వాళ్లు 29వ రోజున ఒక చిన్న సవరణ చేసి ‘సరిచేశాం’ అంటే మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి సంతకానికి ముందే ఒక వాక్యం అడగడం మేలు: నెలలో ఇన్ని గంటలకు మించి సాఫ్ట్‌వేర్ పనిచేయకపోయినా, వరసగా రెండు నెలలు అలా జరిగినా అది మెటీరియల్ బ్రీచే అని. అంకె ఉంటే వాదన ఉండదు.

మానేశాక డబ్బు సంగతి ‘ఎఫెక్ట్ ఆఫ్ టర్మినేషన్’ కింద రాస్తారు. కట్టిన డబ్బు తిరిగి ఇవ్వబోమని, మిగిలిన కాలానికి కట్టాల్సింది ఒకేసారి కట్టాలని అక్కడ ఉంటే, మధ్యలో మానేసే హక్కు ఉన్నా దాని విలువ సున్నా. తప్పు కంపెనీదైనప్పుడైనా వాడుకోని నెలల డబ్బు వెనక్కి వస్తుందా అన్నది ఇక్కడే తేలాలి.

‘బ్యాంకులో ఆటో డెబిట్ ఆపేస్తే సరిపోదా?’ అని చాలామంది అడుగుతారు. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం 2021 అక్టోబరు 1 నుంచి కార్డుల మీద ఇలా మళ్లీమళ్లీ కోసుకునే మొత్తాలకు 24 గంటల ముందు సమాచారం రావాలి, ఆ అనుమతిని మీరు రద్దు చేసుకోవచ్చు. కానీ ఆగేది డబ్బు వెళ్లే దారి మాత్రమే. ఒప్పందం కింద బాకీ అలాగే ఉంటుంది. కంపెనీ లాగిన్‌లు ఆపేస్తుంది, ఆలస్యానికి వడ్డీ కడుతుంది. రోగుల పాత రిపోర్టులన్నీ లోపలే ఉండిపోయాక డయాగ్నస్టిక్ సెంటర్ ఎన్నాళ్లు బిగదీసుకుని కూర్చోగలదు?

చట్టం ఆదుకోదా అంటే, కొంతవరకే. కేంద్రం 2023 నవంబరులో తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు సబ్‌స్క్రిప్షన్ ఉచ్చును తప్పుడు పద్ధతిగా పేర్కొన్నాయి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో అన్యాయమైన ఒప్పందాల మీద ఫిర్యాదు చేసే వీలుంది. అయితే వ్యాపార అవసరానికి కొన్నవారు ఆ చట్టం కింద సాధారణంగా వినియోగదారులు కారు, స్వయం ఉపాధితో బతుకుతున్నవారికి మాత్రం మినహాయింపు ఉంది. జరిమానాలాంటి మొత్తం రాసి ఉంటే 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ కింద కోర్టు ఇప్పించేది సబబైన పరిహారమే, రాసిన మొత్తమంతా కాదు. కానీ అక్కడిదాకా వెళ్లాలంటే ముందు ఒప్పందంలో ఏ ఊరి కోర్టు, ఏ ఊళ్లో ఆర్బిట్రేషన్ అని రాశారో చూసుకోవాలి. రాజమండ్రి నుంచి బెంగళూరుకు తిరిగే ఖర్చుతో రెండో ఏడాది చందా సగం కట్టేయొచ్చు.

అందుకే బేరం సంతకానికి ముందే ఆడాలి. అన్నీ అడగక్కర్లేదు. ఇద్దరూ రాసుకుంటేనే రెన్యూవల్ అన్నది మొదటి కోరిక. దానికి ఒప్పుకోకపోతే నోటీసు 30 రోజులకు తగ్గించమని, కంపెనీయే 60 రోజుల ముందు గుర్తుచేయాలని, ఈమెయిల్ చాలని, ధర ఏడాదికి 5 శాతానికి మించి పెరగకూడదని అడగొచ్చు. మార్చి నెలాఖరులో సేల్స్ లక్ష్యాలు తరుముతుంటాయి కాబట్టి అప్పుడు ఈ మాటలు కాస్త త్వరగా చెవికెక్కుతాయి. ‘అవన్నీ మేం చూసుకుంటాం సార్, ఎవరినీ బలవంతపెట్టం’ అన్న హామీ మాత్రం కాగితం మీదికి రావాలి. ఒప్పందం చివర్లో ‘ఇందులో రాసిందే పూర్తి ఒప్పందం’ అని ఉండే వాక్యం నోటి మాటలన్నిటినీ తుడిచేస్తుంది. ఒప్పుకున్నవి ఆర్డర్ ఫారంలో ప్రత్యేక షరతులుగా రాయించి, మాస్టర్ ఒప్పందంతో తేడా వస్తే ఆర్డర్ ఫారమే చెల్లుతుందని కూడా రాయించాలి. లేకపోతే కొన్ని ఒప్పందాల్లో మాస్టర్‌దే పైచేయి.

నలభై పేజీలు చదివే ఓపిక లేనివాళ్లు పీడీఎఫ్ తెరిచి Ctrl+F నొక్కి renew, terminat, notice, refund అని ఒక్కొక్కటీ వెతకొచ్చు. terminat అని చివర విరిచి కొడితే terminate, termination రెండూ దొరుకుతాయి. మధ్యలో ఏదైనా వెబ్ లింకు ఇచ్చి ‘అక్కడి షరతులు కూడా భాగమే’ అంటే అదీ తెరవాలి. అసలు రెన్యూవల్ క్లాజు అక్కడే ఉండొచ్చు, పైగా ఆ పేజీని కంపెనీ తర్వాత మార్చుకునే వీలూ ఉండొచ్చు. ఆ రోజున్న పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి. డేటా సంగతీ ఇదే వెతుకులాటలో చూడండి: ఒప్పందం ముగిశాక ఎన్ని రోజులు తీసుకోనిస్తారు, ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైలుగా ఇస్తారా, పీడీఎఫ్‌ల కుప్పగా ఇస్తారా అని.

ఆన్‌లైన్‌లో ‘ఐ అగ్రీ’ నొక్కి కొనే వాటికి బేరం ఉండదు. అక్కడ మోసపోయేది ‘ఏడాది ప్లాన్, నెలనెలా చెల్లింపు’ అన్న చోట. నెలనెలా కడుతున్నాం కదా, ఎప్పుడైనా మానేయొచ్చనిపిస్తుంది. అమెరికా ప్రభుత్వం 2024 జూన్‌లో అడోబీ మీద వేసిన కేసులో ఆరోపణ ఇదే, ముందుగా మానేస్తే పడే రుసుమును సరిగా కనిపించనివ్వలేదని. మిగిలిన నెలల చందాలో సగం రుసుము అనుకుంటే, నెలకు 2,000 ప్లాన్‌ను నాలుగు నెలలకు ఆపేసినవారు 8,000 కట్టాలి. అలాంటి ప్లాన్ కొన్న రోజునే ఖాతా సెట్టింగ్స్‌లో ఆటో రెన్యూవల్ ఆఫ్ చేయండి. చాలావాటిలో అలా చేసినా కట్టిన కాలమంతా సాఫ్ట్‌వేర్ పనిచేస్తూనే ఉంటుంది. ఆఫ్ అయినట్టు వచ్చిన మెయిల్‌ను, తేదీ కనిపించే స్క్రీన్‌షాట్‌ను బిల్లుతోపాటే ఫోల్డర్లో పెట్టుకోండి.