మూడు రోజులు ఆగనివ్వని అప్పు

2024 జూన్ 4, మంగళవారం. లోక్‌సభ ఎన్నికల ఓట్లు లెక్కిస్తున్నారు. ముందురోజు ఎగ్జిట్ పోల్స్ ఊపులో 76,469 దగ్గర ముగిసిన సెన్సెక్స్ ఆ రోజు ఒక దశలో 6,000 పాయింట్లకు పైగా పడి, చివరికి 72,079 దగ్గర ఆగింది. శుక్రవారం సాయంత్రానికి అదే సెన్సెక్స్ 76,693. అంటే మూడే ట్రేడింగ్ రోజుల్లో పోయినదంతా తిరిగొచ్చింది. సొంత డబ్బుతో ఇండెక్స్ ఫండ్ కొనుక్కుని ఆ వారమంతా ఊళ్లో పెళ్లి పనుల్లో ఉన్నవాళ్లకు ఏమీ జరగనట్టే. అప్పు మీద షేర్లు కొన్నవాళ్లకు మాత్రం ఆ మూడు రోజులు ఆగే వీలుంటుందో లేదో వాళ్ల చేతిలో ఉండదు. ఎందుకుండదో తెలుసుకోవాలంటే కాస్త లెక్క వేయాలి. కూడికలు, తీసివేతలు వస్తే చాలు.

మన దగ్గర దీని పేరు మార్జిన్ ట్రేడింగ్ ఫెసిలిటీ. బ్రోకర్ యాప్‌లో కొనుగోలు పేజీ మీద MTF అన్న చిన్న బటన్‌గా కనిపిస్తుంది. మీ దగ్గర లక్ష ఉంటే, బ్రోకర్ మరో మూడు లక్షలు కలిపి నాలుగు లక్షల షేర్లు కొనిపెడతాడు. ఆ షేర్లు మీ డీమ్యాట్ ఖాతాలోనే ఉంటాయి, కాకపోతే బ్రోకర్ పేర తాకట్టులో ఉంటాయి. కొన్నాక ఫోన్‌కి వచ్చే ఓటీపీతో మీరు ఒప్పుకునేది ఆ తాకట్టుకే. ఏ షేరుకు ఎంత సొంత డబ్బు పెట్టాలన్నది ఆ షేరు ఎంతగా ఊగుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. అందులో కనీసం ఎంతో సెబీ నిబంధనలు చెబుతాయి, బ్రోకర్ అంతకంటే ఎక్కువే అడగవచ్చు.

రమణగారు అనే ఆయన 500 రూపాయల షేర్లు 800 కొన్నారనుకుందాం. మొత్తం నాలుగు లక్షలు, అందులో మూడు లక్షలు అప్పు. వడ్డీ ఏడాదికి 15 శాతం అనుకుంటే 45,000. యాప్‌లో ‘రోజుకు ఇంత’ అని చూపిస్తే అది 123 రూపాయలే, టీ ఖర్చులా అనిపిస్తుంది. కానీ రమణగారు పెట్టింది లక్షే కదా. ఆ లక్షలో ఏడాదికి 45 శాతం వడ్డీకే పోతుంది. షేరు సుమారు 11 శాతం పెరిగితే గానీ ఏడాది చివర ఆయన మొదలుపెట్టిన చోటికి రారు. షేరు పెరిగితే లాభం నాలుగింతలని అందరూ చెబుతారు. షేరు కదలకుండా కూర్చున్నా నష్టమేనని మాత్రం ఎవరూ చెప్పరు.

ఇక అసలు సంగతి. షేర్ల ప్రస్తుత విలువలో సొంత వాటా ఎప్పుడూ కనీసం 20 శాతం ఉండాలని బ్రోకర్ షరతు అనుకుందాం. షేరు 440కి పడింది, అంటే 12 శాతం. ఫలితాల రోజు స్టేట్ బ్యాంక్ షేరు ఒక్కరోజులో 14 శాతం పడింది, కాబట్టి ఇదేమీ ఊహకందని పతనం కాదు. ఇప్పుడు షేర్ల విలువ 3,52,000. అప్పు ఎక్కడికీ పోదు, మూడు లక్షలు అలాగే ఉంది. రమణగారి వాటా 52,000, అంటే 15 శాతం లోపే. ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. దాన్నే మార్జిన్ కాల్ అంటారు.

ఆయన ముందు రెండు దారులున్నాయి. డబ్బు కడితే 18,400 సరిపోతుంది, అప్పు 2,81,600కి దిగి లెక్క కుదురుతుంది. కట్టకపోతే బ్రోకర్ షేర్లు అమ్మి ఆ డబ్బు అప్పుకు జమ చేసుకుంటాడు. అప్పుడు 18,400 విలువైన షేర్లు అమ్మితే చాలదు. అమ్మినకొద్దీ అప్పూ తగ్గుతుంది, షేర్ల విలువా తగ్గుతుంది, రమణగారి వాటా మాత్రం అదే 52,000. ఆ 52,000 మిగిలిన షేర్లలో 20 శాతం కావాలంటే షేర్ల విలువ 2,60,000కి దిగాలి. అంటే 92,000 విలువైన షేర్లు, 210 వరకు, అమ్మాలి. 18,400 కట్టలేకపోయినందుకు దానికి ఐదింతలు అమ్ముడవుతుంది.

ఈ ఐదింతలే మార్కెట్‌ని ముంచేది. రమణగారు ఒక్కరే కాదు, అదే షేరును అప్పు మీద కొన్న వాళ్లందరికీ అదే పూట మెసేజ్‌లు వెళతాయి. బ్రోకర్ ఆఫీసుల్లో ఆర్‌ఎంఎస్ అనే రిస్కు విభాగం ఉంటుంది. అక్కడ అమ్మేవాళ్లు ధర బాగుందా లేదా అని చూడరు, తమ అప్పు తిరిగొస్తుందా అన్నదే చూస్తారు. ఆ అమ్మకాలతో ధర ఇంకాస్త దిగుతుంది, ఇంకాస్త తక్కువ అప్పు చేసిన వాళ్లకూ మెసేజ్‌లు మొదలవుతాయి. కంపెనీలో ఏ చెడూ జరగకపోయినా షేరు పడుతూనే ఉండటానికి ఇదొక కారణం.

మళ్లీ రమణగారి దగ్గరికి వద్దాం. 440 దగ్గర 210 షేర్లు పోయాయి. నాలుగు రోజుల తర్వాత షేరు తిరిగి 500కి వచ్చింది. మిగిలిన 590 షేర్ల విలువ 2,95,000, అప్పు 2,07,600. ఆయన లక్ష 87,400 అయింది. షేరు బయలుదేరిన చోటికే వచ్చింది, 12,600 మాత్రం రాలేదు. దీనికి వడ్డీ, చార్జీలు అదనం. ఆయన అంచనా తప్పు కాదు, అంచనా నిజమయ్యే దాకా ఆగే హక్కు ఆయనకు లేదు.

బంగారం తాకట్టు పెట్టినవాళ్లకు ఈ హడావుడి అలవాటు ఉండదు. అక్కడ వేలం ముందు నోటీసు వస్తుంది, గడువు ఉంటుంది, బ్యాంకుకి వెళ్లి మాట్లాడే వీలుంటుంది. ఇక్కడ గడువు ఎంతో ఖాతా తెరిచేటప్పుడు సంతకం పెట్టిన ‘హక్కులు, బాధ్యతలు’ పత్రంలో రాసి ఉంటుంది. ఎన్ని రోజుల్లో డబ్బు అడుగుతారో, ఎప్పుడు అమ్ముతారో అందులో ఉండాలన్నది సెబీ నియమమే. మనలో ఎంతమంది అది చదివి సంతకం పెట్టారన్నది వేరే సంగతి.

షేరు పడకపోయినా మార్జిన్ కాల్ రావచ్చు. షేరు మరీ ఊగుతుంటే ఎక్స్ఛేంజీ మార్జిన్ పెంచుతుంది, నిన్న 25 శాతం చాలిన చోట ఇవాళ 40 అడుగుతారు. షేరును నిఘా జాబితాలో పెడితే అప్పు సదుపాయమే తీసేయవచ్చు. ఇంతకంటే చెడ్డది లోయర్ సర్క్యూట్. ఆ గీతకు తగిలాక కొనేవాళ్లుండరు, బ్రోకర్ అమ్మాలన్నా అమ్ముడుపోదు. రమణగారి షేరు అలా పడుతూ 350కి వచ్చాక అమ్ముడైతే 2,80,000 వస్తుంది, అప్పు మూడు లక్షలు. లక్షా పోయి, పైన 20,000 బ్రోకర్‌కి బాకీ. సొంత డబ్బుతో కొన్నవాళ్లకు షేరు సున్నా అయినా బాకీ పడే ప్రసక్తి లేదు.

కొనేముందు ఒక్క అంకె రాసుకోండి. అప్పును 0.80తో భాగించి, వచ్చినదాన్ని షేర్ల సంఖ్యతో భాగించండి (మీ బ్రోకర్ షరతు 20 శాతం కాకపోతే 0.80 మారుతుంది). రమణగారికి అది 468.75. కొన్న ధర నుంచి ఆరు శాతం పడితే చాలు, మెసేజ్ వస్తుంది. ఇప్పుడు ఆ షేరు ఆరు నెలల చార్టు తెరిచి, అది ఎన్నిసార్లు ఆరు శాతం జారిందో లెక్కపెట్టండి. ఒక్కసారి కనిపించినా MTF బటన్ జోలికి వెళ్లకండి. ఆ లక్షతో 200 షేర్లే కొనుక్కోండి.