నలభై దగ్గరే ఆగిపోయే మార్కులు

బ్రిటన్‌లో డ్రైవింగ్ లైసెన్సు కావాలంటే రోడ్డు పరీక్షకు ముందు థియరీ టెస్ట్ పాసవ్వాలి. అందులో 50 ప్రశ్నలకు 43 సరైనవి కావాలి. వీడియోల్లో ప్రమాదాన్ని పసిగట్టే రెండో భాగం వేరే ఉంటుంది. మన లైసెన్సు అక్కడ స్థిరపడ్డాక 12 నెలలే చెల్లుతుంది కాబట్టి ఈ పరీక్ష మనవాళ్లకూ తప్పదు.

నాకు తెలిసిన గుంటూరు అమ్మాయి ఒకామె ఇంట్లో ప్రాక్టీసు పేపర్లు పన్నెండు సార్లు రాసింది. చివరికి 48 దాకా వచ్చేవి. అసలు పరీక్షలో 40 దగ్గర ఆగింది. కారణం బద్ధకం కాదు. అసలు ప్రశ్నలను బయటపెట్టరు. పుస్తకాల్లో, యాప్‌లలో ఉండేవి వాటిలాంటివే తప్ప అవి కావు. ఒకే ప్రశ్నలు తిరిగి తిరిగి రాస్తుంటే నియమం గుర్తుండదు, జవాబు ముఖం గుర్తుంటుంది. మార్కులు పెరిగేది అందుకే.

ఈసారి ఆమె ఎప్పుడూ చూడని ప్రశ్నలు 150 తీసుకుంది. 30 తప్పాయి. వాటిని అంశాలవారీగా విడదీస్తే ట్రాఫిక్ గుర్తుల్లో 7, వాహనాల మధ్య ఉంచాల్సిన దూరాల్లో 6, మిగతావి అక్కడొకటి ఇక్కడొకటి. ఆమె వెంటనే గుర్తుల పుస్తకం తెరిచింది. నేనైతే వద్దన్నాను. గుర్తుల మీద 28 ప్రశ్నలు అడిగితే 7 తప్పాయి, అంటే నాలుగో వంతు. దూరాల మీద అడిగింది తొమ్మిదే, తప్పింది ఆరు. ఎన్ని తప్పాయో ఒక్కటే చూస్తే దారి తప్పుతాం, ఎన్నింటిలో తప్పాయో చూడాలి. ఒక అంశంలో రెండు ప్రశ్నలే వస్తే మాత్రం ఏమీ తేల్చకూడదు, ఇంకో పదైనా రాసి చూడాలి.

తర్వాత ఆ ఆరూ ఎందుకు తప్పాయో పక్కన రాయమన్నాను. రెండింటిలో ప్రశ్న సరిగ్గా చదవలేదు. వాటికి మళ్లీ పుస్తకం అక్కర్లేదు, నెమ్మదిగా చదవడం కావాలి. నాలుగింటిలో అంకెలు కలగలిసిపోయాయి. గంటకు 30 మైళ్ల వేగంలో బండి ఆగడానికి 23 మీటర్లు, 60లో 73 మీటర్లు అని బట్టీ పట్టింది. ఆ 23లో 9 మీటర్లు మనం ఆలోచించి బ్రేకు మీద కాలు వేసేలోపు పోయేది, 14 బ్రేకు పడ్డాక పోయేది. వేగం రెట్టింపైతే మొదటిది 18 అవుతుంది, అంటే అదీ రెట్టింపే. రెండోది 55కి చేరుతుంది, దాదాపు నాలుగింతలు. బండిలో ఉన్న శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది, బ్రేకు దాన్నంతా పీల్చుకోవాలి. ఇది తెలిశాక ప్రశ్న ఎటు తిప్పి అడిగినా అంకెలు తడబడలేదు.

చివరగా దూరాల మీద కొత్త ప్రశ్నలు పది ఇచ్చి, జవాబుతోపాటు మిగతా మూడూ ఎందుకు కావో కూడా చెప్పమన్నాను. తొమ్మిదింటికి చెప్పింది. మంచు పేరుకున్న రోడ్డు మీద ఆగే దూరం పదింతల దాకా పెరగవచ్చన్నది మాత్రం నమ్మలేక రెట్టింపు అంది.